ఆపరేటరమ్మ ఆపేసిన ఫోను

కుక్కర్ దగ్గర మొదలైన మాట అప్పటికే కుక్కర్‌ని దాటి చాలా దూరం వచ్చేసింది.

"పదింటి నుంచి పన్నెండింటి దాకా కూత వినపడకూడదంటే ఎలాగమ్మా? మీ మావయ్యగారికి వేళకి అన్నం పెట్టాలా, నీ ఫోన్లు అయ్యేదాకా పస్తుండమని చెప్పాలా?"

"పెట్టొద్దని ఎవరన్నారు అత్తయ్యా? తొమ్మిదింటికే వండేయండి అంటున్నాను. నేను 'మా సంస్థ నుంచి మాట్లాడుతున్నా' అంటుంటే వెనకాల కుయ్‌మంటే అవతలివాళ్ళు ఏమనుకుంటారు?"

"అన్నం తినే సంస్థ అనుకుంటారు. అందులో తప్పేముంది? అబద్ధం వినపడేకన్నా కుక్కర్ వినపడటం నయం."

కోడలు చేతిలో ఫోన్ బల్ల మీద పెట్టేసింది. "ఏం అబద్ధం?"

"ఇందాక ఏమన్నావు? 'సార్ నా ఫోన్ కోసం ఎదురుచూస్తున్నారు' అన్నావా లేదా? ఆ సార్ నీ మొహం చూశాడా, నువ్వు ఆయన మొహం చూశావా?"

వసారాలో పేపర్ చదువుకుంటున్న పెద్దాయన పేపర్ దించకుండానే అన్నాడు. "ఆపరేటరమ్మ లైన్లోకి వచ్చింది. ఇంక నువ్వు పెట్టెయ్యమ్మా కోడలా."

ఇంట్లో ఆవిడని ఆపరేటరమ్మ అనేది ఆయనొక్కడే. బయట మాత్రం ఒకప్పుడు ఊరు ఊరంతా అనేది. ఒక పెద్ద మిల్లులో పెళ్ళికి ముందు నుంచి రిటైరయ్యేదాకా ఆవిడ టెలిఫోన్ బోర్డు ముందు కూర్చుంది. మేనేజర్లు మారారు, బోర్డులు మారాయి, వైర్లు పోయి బటన్లు వచ్చాయి. ఆవిడ మాత్రం కదల్లేదు. ఆవిడ దాటనివ్వనిదే లోపలికి గొంతు కూడా వెళ్ళేది కాదు. మిల్లు యజమాని బంధువునని చెప్పుకుని ఫోన్ చేసినవాళ్ళని "ఏ వైపు బంధువులండీ?" అని అడిగి, నీళ్ళు నమిలితే అక్కడికక్కడే లైన్ కట్ చేసిన రికార్డు ఆవిడది.

అలాంటి మనిషి ఇంట్లో, ఆవిడ భోజనాల బల్ల మీదే, కోడలు రోజూ ఊళ్ళో ఫ్యాక్టరీల ఆపరేటర్లని దాటడానికి తంటాలు పడుతోంది.

తంటాలకి కారణం ఉంది. ఇంటి వెనకాల షెడ్డులో కొడుకుది ఒక పదును పెట్టే మెషీన్ ఉంది. ఫ్యాక్టరీల్లో ఇనుము కోసే కట్టర్లు, డ్రిల్ బిట్లు మొద్దుబారితే అతను వాటిని మళ్ళీ కొత్తవాటిలా చేసిస్తాడు. ఇన్నాళ్ళూ ఒక పెద్ద కంపెనీ పనితోనే షెడ్డు నిండిపోయేది. కిందటి నెలలో ఆ కంపెనీవాళ్ళు సొంతంగా మెషీన్ పెట్టుకున్నారు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. ఈలోగా రైల్లో రాత్రంతా వెళితే వచ్చే ఇంకో ఊళ్ళోంచి కొడుక్కి ఉద్యోగం పిలుపొచ్చింది. క్వార్టర్ ఇవ్వరు, ఒంటరిగానే రావాలి. శనివారం మధ్యాహ్నంలోపు ఏ సంగతీ తేల్చి చెప్పమన్నారు. అప్పటికి కొత్త ఫ్యాక్టరీ ఒక్కటి దొరికినా వెళ్ళనని కొడుకు అన్నాడు. అన్నాడేగానీ, అటక మీంచి పెట్టె దించి దుమ్ము దులిపి మంచం కింద పెట్టుకున్నాడు. ఆ పెట్టె అంచు చీర కుచ్చిళ్ళకి తగిలినప్పుడల్లా ఆపరేటరమ్మ దాన్ని కాలితో ఇంకాస్త లోపలికి తోసేస్తోంది.

ఆ రోజు గురువారం.

"సరే, అబద్ధం వద్దు. ఏం చెప్పమంటారో మీరే చెప్పండి." కోడలు గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "ఆ పంపు పార్టులు చేసే ఫ్యాక్టరీ మనకి సరిగ్గా సరిపోతుంది. చిన్నది, సొంతంగా మెషీన్ కొనుక్కునేంత పని లేదు, కట్టర్లు మాత్రం రోజూ అరుగుతాయి. కానీ రిసెప్షన్ అమ్మాయి గోడలా నిలబడుతుంది. సార్ మీటింగ్‌లో ఉన్నారు అంటుంది, లేకపోతే మెయిల్ పంపండి అంటుంది. ఇవాళ నేను మాట్లాడుతుండగానే వాయిస్ మెయిల్‌లోకి తోసేసింది. ఏం చెప్పాలో తెలీక నాలుగు మాటలు నమిలి పెట్టేశాను."

ఆపరేటరమ్మ స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, కోడలి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నేను ఆ అమ్మాయిని. నువ్వు ఫోన్ చెయ్యి."

"ఇప్పుడా?"

"ట్రింగ్ ట్రింగ్." గరిటె చెవి దగ్గర పెట్టుకుంది. అంతే, గొంతు మారిపోయింది. ఇరవై ఏళ్ళు తగ్గి, నున్నగా, చల్లగా, ఎక్కడా పట్టు దొరక్కుండా. "నమస్కారమండీ. ఎవరు మాట్లాడుతున్నారు?"

వసారాలో పేపర్ కిందికి దిగింది. పెళ్ళయిన కొత్తలో ఈ గొంతు వినడానికే ఆయన బయట బూత్ నుంచి మిల్లుకి ఫోన్ చేసి, రాంగ్ నంబర్ అని పెట్టేసేవాడు.

"సార్ ఉన్నారాండీ?" అంది కోడలు.

"చచ్చావు. నేను ఎవరని అడిగితే నువ్వు సార్ ఉన్నారా అన్నావు. దాచేవాళ్ళే అలా అంటారు. మేం ఆపేది మనుషుల్ని కాదమ్మా, దాపరికాన్ని. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏం పని? ఈ మూడూ నేను అడక్కముందే చెప్పినవాళ్ళని నేనెప్పుడూ తరమలేదు. నా దగ్గర గొప్పలు పోయినవాళ్ళనే తరిమాను. ఇంకోటి. నాతో 'మీ సాయం కావాలి' అన్నవాళ్ళు చాలా తక్కువ. అలా అన్నవాళ్ళ కోసం సీట్లోంచి లేచి వెళ్ళి మరీ అడిగొచ్చాను."

"మెయిల్ పంపమంటే?"

"సరేనని, 'ఎవరి పేరున పంపమంటారు?' అని అడుగు. పేరు దొరుకుతుంది."

"వాయిస్ మెయిల్ పడితే?"

"ముందు నీ పేరు, నంబరు. నంబరు మెల్లగా చెప్పు, రాసుకునేవాడి చెయ్యి నడిచే వేగంతో చెప్పు, నీ నోటి వేగంతో కాదు. తర్వాత ఒక్క విషయం. ఒక్కటే. చివర మళ్ళీ నంబరు. అన్నం ముద్ద మింగేలోపు అయిపోవాలి."

కోడలు కాసేపు ఆలోచించి ఒక ముక్క తయారు చేసుకుంది. ఆపరేటరమ్మ గరిటెతో దాన్ని రెండుసార్లు కత్తిరించింది. ఆ తర్వాత కోడలు నిజం ఫోన్‌లో నిజం అమ్మాయికి ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏం పని అన్నీ తనే చెప్పింది.  "సార్ నిజంగానే లేరండీ. వాయిస్ మెయిల్‌కి కలుపుతాను, చెప్పండి" అంది ఆ అమ్మాయి. ఈసారి తోసెయ్యలేదు, చెప్పి కలిపింది. అత్తాకోడళ్ళిద్దరూ ఆ తేడా గమనించి కళ్ళతోనే నవ్వుకున్నారు.

కోడలు పేరు, నంబరు చెప్పి, "మీ మొద్దుబారిన కట్టర్లు పారేస్తున్నారా, పదును పెట్టిస్తున్నారా? ఒక పెట్టె ఇచ్చి చూడండి. రేపు మళ్ళీ ఫోన్ చేస్తాను" అని, నంబరు ఇంకోసారి చెప్పి పెట్టేసింది.

కుక్కర్ అప్పుడు కూసింది.

శుక్రవారం పొద్దున్న కోడలికి బజారులో పనుండి, ఫోన్ అత్తగారి చేతికిచ్చి వెళ్ళింది. "ఎవరైనా చేస్తే ఎత్తండి అత్తయ్యా. గంటలో వచ్చేస్తా."

ఆపరేటరమ్మ ఆ ఫోన్‌ని కూరగాయల పళ్ళెం పక్కన పెట్టుకుని కూర్చుంది. కొంగు సర్దుకుంది. ఎందుకు సర్దుకుందో ఆవిడకే తెలియదు. బోర్డు ముందు కూర్చునే ముందు చేసే అలవాటు. సగం కూరగాయలు తరిగాక ఫోన్ మోగింది. కళ్ళజోడు లోపలుంది. చూడకుండానే ఎత్తింది.

"నమస్కారమండీ, చెప్పండి."

"మేడమ్‌తో మాట్లాడాలి." ఎవరో ఆడమనిషి. వెనకాల గోలగా ఉంది.

"ఎవరు మాట్లాడుతున్నారండీ?"

"మాకో మెసేజ్ వచ్చింది. దాని గురించి."

"ఏ మెసేజ్ అండీ? ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారు?"

"అదే, మెసేజ్ పెట్టారుగా మీరు. మేడమ్‌కి ఇవ్వండి, రెండు నిమిషాలు చాలు."

ఎవరో చెప్పదు, ఎక్కణ్ణుంచో చెప్పదు, రెండు నిమిషాలు చాలట. రోజూ మధ్యాహ్నం నిద్ర చెడగొట్టి లోన్ కావాలా అని అడిగే గొంతులన్నీ ఆపరేటరమ్మకి ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిడ గొంతు తనంతట తనే నున్నగా, చల్లగా అయిపోయింది.

"మేడమ్ మీటింగ్‌లో ఉన్నారండీ. మీ వివరాలు మెయిల్ చెయ్యండి, చూసి చెబుతారు."

 అవతల "ఓహో, అలాగా" అని వినపడి ఫోన్ ఆగిపోయింది.

ఆపరేటరమ్మ తృప్తిగా మిగిలిన కూరగాయలు తరిగింది. చెయ్యి తిరిగిన పని ఎక్కడికీ పోదు. కోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే చెప్పింది. "ఎవరో లోన్లమ్మే ఆవిడ చేసిందమ్మా. నేనూరుకుంటానా! నిమిషంలో సాగనంపాను."

కోడలు నవ్వుతూ ఫోన్ తీసుకుని చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇది ఆ పంపుల ఫ్యాక్టరీ నంబరు."

ఆపరేటరమ్మకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, తరిగిన ముక్కల పళ్ళెం వంక చూస్తూ ఉండిపోయింది.

కోడలు ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండు మాటలు పడితే తనూ నాలుగు అనేది, ఇద్దరికీ తేలికయ్యేది. కోడలు మాత్రం గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి అత్తగారి ముందు పెట్టి, "ఇది వాళ్ళ బోర్డు నంబరు. లోపల ఎవరు చేసినా ఇదే కనపడుతుంది. ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?" అని తనలో తనే అనుకున్నట్టు అంది. అని, కాసేపటికి ముఖం తిప్పుకుని ఫక్కున నవ్వింది. "మీటింగ్‌లో ఉన్నానా నేను?"

"నవ్వకు."

"బజారులో చీపుళ్ళ దగ్గర మీటింగ్."

"నవ్వకన్నానా!" ఆపరేటరమ్మ కళ్ళు తుడుచుకుంది. లోపల గదిలో కొడుకు చొక్కాలు మడత పెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడుకి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

ఆపరేటరమ్మ కళ్ళజోడు తెచ్చుకుంది. "ఫోన్ ఇటివ్వు. ఆపింది నేను. కలపాల్సింది కూడా నేనే."

ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ బోర్డుకి ఇవతలి వైపు లేదు. రింగవుతుంటే చెప్పాల్సిన మాట తడబడకూడదని లోపలే రెండుసార్లు అనుకుంది. పాపం, ఇన్నాళ్ళూ మనకి ఫోన్ చేసినవాళ్ళకి కూడా ఇలాగే ఉండేదా అనిపించింది.

"నమస్కారమండీ. ఎవరు మాట్లాడుతున్నారు?" ఆ అమ్మాయి గొంతు నున్నగా, చల్లగా ఉంది. బాగా పనిచేసే పిల్ల, అనుకుంది ఆపరేటరమ్మ.

"అమ్మా, కట్టర్లకి పదును పెట్టేవాళ్ళ ఇంట్లోంచి మాట్లాడుతున్నాను. నిన్న మా కోడలు మెసేజ్ పెట్టింది. ఇవాళ మీ దగ్గర్నుంచి ఎవరో ఆవిడ తిరిగి ఫోన్ చేశారు. ఎత్తింది నేను. నేను కూడా నీలాగే బోర్డు ముందు కూర్చున్నదాన్నమ్మా, జీవితమంతా అదే పని. అలవాటు కొద్దీ ఆవిణ్ణి ఎవరు ఏమిటని నిలదీసి, మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు, మెయిల్ పెట్టండని చెప్పి పంపేశాను. ఇప్పుడు ఆవిడెవరో తెలీదు. నీ సాయం కావాలి."

 అవతల ఏదో చప్పుడు. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోందని ఆపరేటరమ్మకి తెలిసింది. తనూ అలాగే నవ్వేది.

"నిజంగా మెయిల్ పెట్టమన్నారా అమ్మా?"

"అన్నానమ్మా."

"చేసింది మా చిన్నమేడమ్ అయ్యుంటుంది. సార్ చెల్లెలు. సార్ ఆ మెసేజ్ విని ఆవిడకి పంపుంటారు. మీ కోడలుగారు ఎప్పుడు చేసినా సార్‌నే అడిగారు, సార్ నిజంగానే ఎప్పుడూ ఉండరు, ఆయన బయట ఆర్డర్ల కోసం తిరుగుతారు. లోపల మెషీన్లు, కట్టర్లు, ఏది కొనాలి, ఏది బయటికి పంపాలి, అంతా చిన్నమేడమే. 'కట్టర్ల సంగతి ఎవరు చూస్తారు' అని అడిగుంటే మొదటిరోజే చెప్పేదాన్ని."

ఆపరేటరమ్మ కోడలి వంక చూసింది. స్పీకర్లో వింటున్న కోడలు తల పట్టుకుంది. ఇద్దరూ కలిసి అంతసేపు సాధన చేశారు, ఎవరి కోసం అడగాలన్నది మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

"ఇప్పుడు కలుపుతావా తల్లీ?"

"ఇప్పుడు మెషీన్ల దగ్గర ఉంటారమ్మా, ఆ గోలలో ఫోన్ వినపడదు. వాయిస్ మెయిల్‌లో పడుతుంది, ఎప్పుడు వింటారో ఏమో." ఆ అమ్మాయి కాస్త గొంతు తగ్గించింది. "రేపు పొద్దున్న షిఫ్టు మొదలవకముందు ఇదే నంబరుకి చెయ్యండి. అప్పటికి నేను రాను. బోర్డు మోగితే, లోపల ఒక్కరే ఉంటారు కాబట్టి, చిన్నమేడమే ఎత్తుతారు. నేను చెప్పానని చెప్పకండేం." మళ్ళీ ఆలోచించి అంది. "సర్లెండి, చెప్పినా ఏమనరు. ఆవిడే అంటుంటారు, పనికొచ్చే ఫోనైతే ఆపకుండా తనదాకా పంపమని."

"నీ నోరు చల్లగుండా" అంది ఆపరేటరమ్మ. ఫోన్ పెట్టాక కూడా కాసేపు దాన్ని అరచేతిలోనే ఉంచుకుంది.

శనివారం తెల్లారాక ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరూ బల్ల దగ్గరికి చేరారు. పెద్దాయన పేపర్ తెచ్చుకున్నాడుగానీ విప్పలేదు. కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. స్టవ్ మీద ఏమీ లేదు.

రెండు రింగులకే ఎత్తారు. "ఆఁ, ఏంటి?"

"నమస్కారమమ్మా. నిన్న మిమ్మల్ని మెయిల్ పెట్టమన్నది నేనే."

అవతలావిడ గట్టిగా నవ్వింది. "ఏంటమ్మా, మీ ఆఫీసు కాపలా మా ఫ్యాక్టరీ కన్నా గట్టిగా ఉంది! మా వాచ్‌మన్ని మీ దగ్గరికి ట్రైనింగుకి పంపమంటారా?"

"ఆఫీసు కాదమ్మా, ఇల్లు. మీరెవరో చెప్పకపోతే లోన్లమ్మే మనిషనుకున్నాను. క్షమించండి."

"నేనే చెప్పుండాల్సింది. మాకు ఫోన్ చేసేవాళ్ళు పేరు చెప్పరని నేనే తిడుతుంటాను. సర్లెండి, ఆ మీటింగ్‌లో ఉన్న మేడమ్ బయటికొచ్చారా?"

కోడలు ఫోన్ అందుకుంది. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏం పని. అంతవరకే చెప్పి ఆగింది. ప్రశ్నలు అవతలావిడ వేసింది. ఎన్ని రోజుల్లో ఇస్తారు, కట్టర్ మీది పూత, అదే కోటింగ్, మళ్ళీ వేయిస్తారా, ఎన్నిసార్లు పదును పెట్టొచ్చు. కోడలు తెలిసినవి చెప్పింది, కోటింగ్ మాత్రం తమ దగ్గర లేదని, కావాలంటే బయట వేయించి తెస్తామని ఉన్నమాట చెప్పింది.

"ఇదివరకు ఒకళ్ళకిచ్చి దెబ్బతిన్నాం. పదును పెడితే కట్టర్ సన్నబడుతుంది కదా. ఎంత సన్నబడిందో వాళ్ళు చెప్పలేదు, మావాళ్ళు పాత కొలతతోనే నడిపేశారు. ఆ రోజు చేసిన పార్టులన్నీ స్క్రాపే. దానికి మీరేం చేస్తారు?"

కోడలు గుమ్మం వైపు చూసి ఫోన్ చాపింది. కొడుకు వచ్చి వంగి మాట్లాడాడు. "ప్రతి కట్టర్ కొలిచి, కొత్త సైజు రాసిన చీటీ దాన్ని పెట్టే ప్లాస్టిక్ గొట్టం మీద అంటించి ఇస్తానండీ. చీటీ లేని కట్టర్ మా షెడ్డు దాటదు. కొన్ని అరిగిపోయి పనికిరావు, వాటిని ఊరికే సానపట్టి ఇవ్వను, పనికిరావని చెప్పేస్తాను."

"అది రాసివ్వగలరా?"

"ఇస్తానండీ."

మెషీన్ ఏదో మొదలైనట్టుంది, గోల వినపడింది. ఆవిడ గొంతు పెంచింది. "ఒక పెట్టె ఇస్తాను. వచ్చి తీసుకెళ్ళండి. అవి బాగా కోస్తే మిగతావాటి గురించి మాట్లాడదాం. ఇప్పుడే ఏ మాటా ఇవ్వను." పెట్టేయబోయి మళ్ళీ అంది. "ఆ పెద్దావిడకి చెప్పండి, ఇంకోసారి నేను చేస్తే లోపలికి పంపమని."

బల్ల చుట్టూ ఎవరూ గెంతలేదు. ఒక్క పెట్టె. మంచం కింద పెట్టె అలాగే ఉంది. కొడుకు బండి తాళాలు తీసుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి తిన్నగా షెడ్డులోకి వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచి మెషీన్ చప్పుడు మొదలైంది. మధ్యలో ఒకసారి ఆగింది. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్న గొంతు వినిపించింది, మాటలు తెలియలేదు. కోడలు కిటికీ దగ్గర నిలబడి చెవులు రిక్కించింది. ఆపరేటరమ్మ ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగింది. "ఎవరి లైనూ వినకూడదు. అది మొదటి పాఠం."

మళ్ళీ మెషీన్ చప్పుడు.

భోజనాల వేళకి చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మొదటి ముద్ద కలుపుకున్నాడు. పళ్ళెంలోకి చూస్తూనే అన్నాడు. "ఆ ఊరికి ఫోన్ చేశాను. రానని చెప్పేశాను."

పెద్దాయన చెయ్యి ఆగింది. "ఒక్క పెట్టెకేనా?"

"పెట్టె ఒకటే నాన్నా. కానీ ఆవిడలాంటివాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉంటారు. ఎవరిని అడగాలో ఇప్పుడు మనకి తెలిసింది. అడిగేవాళ్ళు ఇద్దరున్నారు ఇంట్లో."

కోడలు అతని పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించింది.  

ఆపరేటరమ్మ మంచినీళ్ళు ముందుకు జరుపుతూ అడిగింది. "ఆ ఊళ్ళో ఫోన్ ఎవరెత్తారు?"

"రిసెప్షన్‌లో ఆవిడ."

"ఎవరు, ఏమిటని అడిగిందా?"

"అన్నీ అడిగాకే కలిపింది."

"మంచి పిల్ల" అంది ఆపరేటరమ్మ. "సోమవారం నుంచి పొద్దున్న ఫోన్లు నేను చేస్తాను. కుక్కర్ మీ నాన్నగారు పెడతారు."